ప్రపంచ కప్పు గెలిచినా రెండో ర్యాంకే

2022 డిసెంబరు 18న ఖతార్‌లోని లుసైల్ స్టేడియంలో ఫ్రాన్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి అర్జెంటీనా ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు ఎత్తుకుంది. నాలుగు రోజుల తర్వాత ఫిఫా కొత్త ర్యాంకులు ప్రకటించింది. మొదటి స్థానంలో బ్రెజిల్, 1840.77 పాయింట్లు. రెండో స్థానంలో అర్జెంటీనా, 1838.38 పాయింట్లు. బ్రెజిల్ ఆ టోర్నీలో క్వార్టర్ ఫైనల్లోనే క్రొయేషియా చేతిలో ఓడి ఇంటిదారి పట్టింది. అంతకుముందు గ్రూప్ దశలో కామెరూన్ చేతిలోనూ ఓడింది. అలాంటి జట్టు పైన ఉండడమేమిటి, కప్పు కొట్టిన జట్టు కింద ఉండడమేమిటి?

చాలామంది అభిమానులు ఇది పక్షపాతమనుకున్నారు, కొందరు లెక్క తప్పిందనుకున్నారు. రెండూ కావు. ఫిఫా తన సూత్రాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించింది. ఆ సూత్రం ఏమిటో తెలిస్తే కాగితం, పెన్నూ పట్టుకుని ఎవరైనా ఆ రెండు అంకెల దాకా దాదాపుగా రావచ్చు. ఈ వ్యాసంలో మనం చేయబోయేది అదే. జట్ల బలాన్ని ఒక అంకెలోకి ఎలా దించుతారో, ఆ అంకె రేపటి మ్యాచ్ గురించి ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో దారిలో తెలుస్తుంది.

ఈ పద్ధతి ఫుట్‌బాల్‌లో పుట్టలేదు, చదరంగంలో పుట్టింది. అర్పాద్ ఎలో 1903లో హంగరీలో పుట్టాడు. చిన్నప్పుడే కుటుంబంతో అమెరికా చేరి, మిల్వాకీలోని మార్క్వెట్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించాడు. విస్కాన్సిన్ రాష్ట్రంలో చదరంగం ఛాంపియన్ కూడా. అప్పట్లో అమెరికా చదరంగ సమాఖ్య వాడుతున్న రేటింగ్ పద్ధతి కొన్నిసార్లు విచిత్రమైన ఫలితాలిచ్చేది. దాని బదులు ఎలో గణాంకశాస్త్రం పునాదిగా ఒక పద్ధతి తయారుచేశాడు. 1960లో అమెరికా సమాఖ్య, 1970లో ప్రపంచ చదరంగ సమాఖ్య దాన్ని స్వీకరించాయి. మన వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేశి 2024 డిసెంబరు జాబితాలో 2801 చేరాడని, ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండో భారతీయుడయ్యాడని పత్రికలు రాశాయి కదా, ఆ 2801 ఎలో రేటింగే.

ఎలో ఆలోచనలో అసలు కిటుకు ఒకటుంది. ఆటగాడి బలాన్ని మనం నేరుగా చూడలేం. మనకు కనిపించేవి ఫలితాలు మాత్రమే. ఒక్కో రోజు మంచి ఆటగాడు చెత్తగా ఆడతాడు, మామూలు ఆటగాడు చెలరేగిపోతాడు. కాబట్టి ‘వీడు వాడికంటే బలవంతుడు’ అన్న మాటకు ‘వీళ్లిద్దరూ వంద ఆటలు ఆడితే వీడికి ఎన్ని పాయింట్లు వస్తాయి’ అనే అర్థం తప్ప వేరే అర్థం లేదు. ఎలో ఆ ప్రశ్నకు జవాబు ఇద్దరి రేటింగుల తేడాలోనే ఉండేలా ఏర్పాటు చేశాడు. ఒక్కరి రేటింగును విడిగా చూస్తే దానికి అర్థమేమీ లేదు. 2801 దేనికి 2801? కిలోలకా, మీటర్లకా? దేనికీ కాదు. అవతలివాడి 2600 పక్కన పెట్టినప్పుడే అది మాట్లాడుతుంది.

ఫిఫా పురుషుల జట్లకు చాలాకాలం వేరే పద్ధతి వాడింది. గత నాలుగేళ్ల మ్యాచ్‌లకు పాయింట్లిచ్చి సగటు తీసేవారు. సగటుతో వచ్చిన తంటా ఏమిటంటే, ఫ్రెండ్లీ మ్యాచ్‌కు తక్కువ పాయింట్లు కాబట్టి ఫ్రెండ్లీలు ఆడితే గెలిచినా సగటు పడిపోవచ్చు. 2014 ప్రపంచ కప్పుకు ఆతిథ్య దేశమైన బ్రెజిల్‌కు అర్హత పోటీలు లేవు. ఎక్కువగా ఫ్రెండ్లీలే ఆడింది. 2013 జూన్‌లో దాని ర్యాంకు 22! ఇంకో దేశం దీన్నే తిరగేసి లాభపడింది. 2018 ప్రపంచ కప్పు డ్రాకు ముందు పోలండ్ ఫ్రెండ్లీలు తగ్గించుకుని ర్యాంకు కాపాడుకుంది, బలమైన జట్ల సరసన మొదటి కుండలో చోటు సంపాదించింది. తీరా టోర్నీలో గ్రూప్ దశలోనే వెనుదిరిగింది. మహిళల జట్లకు మాత్రం ఫిఫా 2003 నుంచే ఎలో తరహా లెక్క వాడుతోంది. లాసెక్, స్లావిక్, భులై అనే ముగ్గురు పరిశోధకులు 2013లో రకరకాల ర్యాంకు పద్ధతుల్ని పురుషుల అంతర్జాతీయ మ్యాచ్‌లపై పరీక్షించారు. ఫిఫా మహిళలకు వాడే లెక్కనే పురుషులకు వాడి ఉంటే ఫలితాలను మెరుగ్గా ఊహించగలిగేదని తేల్చారు. చివరికి 2018 ఆగస్టు నుంచి పురుషుల ర్యాంకులు కూడా ఎలో దారికొచ్చాయి.

ఆ లెక్క రెండు వరుసలే.

```
We = 1 / (1 + 10^(-dr/600))
P  = Pbefore + I * (W - We)
```

మొదటి వరుసలో `dr` అంటే రెండు జట్ల పాయింట్ల తేడా. `We` అంటే మ్యాచ్ మొదలవకముందే ఆ జట్టు నుంచి ఆశించే ఫలితం, సున్నాకీ ఒకటికీ మధ్య ఒక అంకె. తేడా సున్నా అయితే సరిగ్గా సగం. తేడా పెరిగేకొద్దీ ఒకటికి దగ్గరవుతుంది కాని ఎప్పటికీ ఒకటి కాదు. అంటే ఎంత బలమైన జట్టుకైనా ఓడే అవకాశం కాస్త మిగులుతుంది. రెండో వరుసలో `W` అసలు ఫలితం. గెలుపు 1, డ్రా 0.5, ఓటమి 0. వచ్చిన దానిలోంచి ఆశించింది తీసేసి, మ్యాచ్ ప్రాధాన్యమైన `I`తో గుణించి, పాత పాయింట్లకు కలుపుతారు. ఆ ప్రాధాన్యాన్ని ఫిఫా ముందే నిర్ణయించింది. మామూలు ఫ్రెండ్లీకి 5 లేదా 10, ప్రపంచ కప్పు అర్హత పోటీకి 25, ప్రపంచ కప్పులో క్వార్టర్ ఫైనల్‌కు ముందు మ్యాచ్‌లకు 50, క్వార్టర్ ఫైనల్ నుంచి 60.

దీన్ని పందెంగా చూస్తే తేలిగ్గా బుర్రకెక్కుతుంది. రెండు జట్లూ కలిసి 50 పాయింట్లు మధ్యలో పెడతాయి. సమానంగా కాదు, ఎవరి బలానికి తగ్గట్టు వాళ్లు. గెలిచినవాళ్లు మొత్తం పట్టుకుపోతారు. డ్రా అయితే చెరో 25 తీసుకుంటారు. బలవంతుడు ఎక్కువ ఒడ్డాడు కాబట్టి డ్రా అయినా నష్టపోతాడు.

ఇప్పుడు 2022 నవంబరు 22కు వెళ్దాం. అర్జెంటీనా మొదటి మ్యాచ్ సౌదీ అరేబియాతో. అర్జెంటీనా అప్పటికి 36 మ్యాచ్‌లుగా ఓటమి ఎరగదు. రేటింగ్ 1773.88, మూడో ర్యాంకు. సౌదీ రేటింగ్ 1437.78, యాభై ఒకటో ర్యాంకు. తేడా 336. సూత్రంలో వేస్తే అర్జెంటీనా ఆశించే ఫలితం 0.784. అంటే పందెంలో అర్జెంటీనా 39 పాయింట్లు పెట్టింది, సౌదీ 11 పెట్టింది. పదో నిమిషంలో మెస్సీ పెనాల్టీతో గోలు కొట్టాడు. రెండో సగం మొదలైన కాసేపటికే సౌదీ ఐదు నిమిషాల వ్యవధిలో రెండు గోల్స్ చేసింది. 2–1. ఆ 39 పాయింట్లూ సౌదీకి పోయాయి. అర్జెంటీనా 1735కు పడింది, సౌదీ 1477కు ఎగబాకింది.

ఇక్కడ పాఠకులు ఆగి అడగవచ్చు: ఒక్క మ్యాచ్ గెలిచినంత మాత్రాన సౌదీ నిజంగా 39 పాయింట్ల మేర బలపడిందా? లేదు. కానీ ఎలో పద్ధతికి ఆ గెలుపు అదృష్టమో, అసలైన బలమో తెలుసుకునే దారి లేదు. అందుకని కొంచెం నమ్మి, మిగతాది తర్వాతి మ్యాచ్‌లకు వదిలేస్తుంది. సౌదీ తర్వాత పోలండ్ చేతిలో ఓడింది, మెక్సికో చేతిలో ఓడింది. ఈసారి దాని రేటింగ్ ఎక్కువ కాబట్టి పందెంలో ఎక్కువ పెట్టాల్సి వచ్చింది, ఎక్కువ పోగొట్టుకుంది. పోలండ్‌తో దాదాపు 21, మెక్సికోతో దాదాపు 17. మూడు మ్యాచ్‌లూ ముగిసేసరికి, నేను వేసిన లెక్క ప్రకారం, 1438. బయల్దేరిన చోటికే చేరింది. ఈ స్వయం దిద్దుబాటే ఎలో పద్ధతికి ప్రాణం. రేటింగ్ ఎక్కువైతే తర్వాతి ఓటములు దాన్ని కిందికి లాగుతాయి, తక్కువైతే గెలుపులు పైకి తోస్తాయి. ఏ జట్టు బలమెంతో ఎవరూ కూర్చుని తీర్పు చెప్పనక్కరలేదు.

అర్జెంటీనా కథ సాగిద్దాం. మెక్సికోపై గెలుపుకు 20, పోలండ్‌పై 17, ప్రీ క్వార్టర్స్‌లో ఆస్ట్రేలియాపై 14. అప్పటికి 1786. సౌదీ దగ్గర పోగొట్టుకున్నది తిరిగొచ్చి, పైన ఒక డజను చేరింది. ప్రతి గెలుపుకీ ఇరవై చిల్లరకు మించి రాకపోవడం గమనించండి. గెలవాల్సిన జట్టే గెలిచింది మరి. క్వార్టర్ ఫైనల్ నెదర్లాండ్స్‌తో. 2–2తో సమమై పెనాల్టీలకు వెళ్లింది, అర్జెంటీనా నెగ్గింది.

ఫిఫా సొంతంగా చేర్చిన ఒక నియమం ఇక్కడ అడుగుపెడుతుంది. షూటౌట్ గెలిస్తే పూర్తి గెలుపు కాదు, `W` విలువ 0.75 మాత్రమే. ఓడినవాళ్లకు 0.5, అంటే డ్రాతో సమానం. షూటౌట్ కొంత నైపుణ్యం, కొంత అదృష్టం అన్న లెక్కలో ఇది సబబే. క్వార్టర్స్‌కి ప్రాధాన్యం 60 కాబట్టి మామూలు గెలుపుకు 27 దాకా వచ్చేవి. 0.75తో వచ్చినవి 12. సెమీస్‌లో క్రొయేషియాపై 3–0తో నెగ్గి 24 తెచ్చుకుంది. ఫైనల్ నాటికి అర్జెంటీనా, ఫ్రాన్స్ రెండూ దాదాపు ఒకే రేటింగ్ మీద ఉన్నాయి, ఆశించే ఫలితం సగం సగం. 3–3, మళ్లీ షూటౌట్. 60 గుణించు 0.25, అంటే 15 పాయింట్లు. మొత్తం 1838. ఫిఫా ప్రకటించింది 1838.38.

ఫైనల్‌ను అర్జెంటీనా అదనపు సమయంలోపు గెలిచి ఉంటే 15 కాదు, 30 వచ్చేవి. అప్పుడు 1853తో మొదటి ర్యాంకు. 118వ నిమిషంలో ఎంబాపే కొట్టిన పెనాల్టీ అర్జెంటీనాకు కప్పు దూరం చేయలేకపోయింది గాని మొదటి ర్యాంకును దూరం చేసింది.

ఇక బ్రెజిల్. టోర్నీకి ముందు 1841.3. సెర్బియాపై గెలుపుకు 13, స్విట్జర్లాండ్‌పై 16. తర్వాత రెండో వరుస ఆటగాళ్లతో దిగి కామెరూన్ చేతిలో ఓడి ఏకంగా 41 పోగొట్టుకుంది. ప్రీ క్వార్టర్స్‌లో దక్షిణ కొరియాపై 13. కూడి తీస్తే మళ్లీ 1841 దగ్గరే. తర్వాత క్రొయేషియాతో 1–1, షూటౌట్‌లో ఓటమి. సూత్రం ప్రకారం బ్రెజిల్‌కు 0.5 రావాలి, ఆశించింది 0.65. కాబట్టి తొమ్మిది పాయింట్లు పోవాలి. కానీ ఫిఫా పెట్టిన ఇంకో నియమం ప్రకారం ప్రధాన టోర్నీల నాకౌట్ దశలో ఓడినవాళ్లకు పాయింట్లు తగ్గించరు. అలా బ్రెజిల్ ఓడి కూడా పైసా పోగొట్టుకోలేదు. 1840.77 దగ్గర నిలిచిపోయింది. ఆ తొమ్మిదీ తగ్గించి ఉంటే 1832తో అర్జెంటీనా కిందికి దిగేది.

కాబట్టి ఆ డిసెంబరులో ర్యాంకును తేల్చింది ఎలో గణితం కాదు. దాని చుట్టూ కట్టిన రెండు ఉపనియమాలు. షూటౌట్ నియమాన్ని సమర్థించవచ్చు. నాకౌట్‌లో తగ్గించకూడదన్న నియమం మాత్రం నాకు మింగుడుపడదు. టోర్నీలో అంత దూరం వచ్చినవాళ్లను శిక్షించకూడదన్నది దాని వెనుక ఉద్దేశం కావచ్చు. కానీ ఎలో పద్ధతిలో ఒకరికి చేరినవి ఇంకొకరి దగ్గర తగ్గాలి. ఇక్కడ గెలిచినవాళ్లకు చేరుతున్నాయి, ఓడినవాళ్ల దగ్గర తగ్గడం లేదు. ప్రతి పెద్ద టోర్నీలో శూన్యంలోంచి కొత్త పాయింట్లు పుడుతుంటాయి. ఆ కొత్త పాయింట్లు దక్కేది నాకౌట్ ఆడే పెద్ద జట్లకే. రేటింగ్‌ను బలానికి కొలత అంటూ, ఓటమిని లెక్కలో చూపకపోతే అది బహుమతి అవుతుంది గాని కొలత కాదు.

సరే, ఇంత కష్టపడి లెక్కవేసిన ఈ అంకె రేపటి మ్యాచ్ గురించి ఏం చెబుతుంది? అర్జెంటీనా–సౌదీ మ్యాచ్‌కు ముందు 0.784 అని వచ్చింది కదా. చాలామంది దాన్ని ‘అర్జెంటీనా గెలిచే అవకాశం 78 శాతం’ అని చదువుతారు. అది సరికాదు. 0.784 గెలుపు అవకాశం కాదు, ఆశించే సగటు ఫలితం. అందులో గెలుపు పూర్తిగా, డ్రా సగంగా కలిసిపోయి ఉన్నాయి. గెలుపు 70, డ్రా 17, ఓటమి 13 శాతం అనుకుంటే సగటు దాదాపు 0.785. గెలుపు 62, డ్రా 33, ఓటమి 5 అనుకున్నా దాదాపు 0.785. ఈ రెండింటిలో ఏది నిజమో ఎలో సూత్రానికి తెలియదు. మొదటిదాంట్లో సౌదీ గెలిచే అవకాశం రెండోదాని కంటే రెండు రెట్లకు పైనే. ఫుట్‌బాల్‌లో డ్రాలు మామూలే కాబట్టి, గెలుపు–డ్రా–ఓటమి శాతాలు ఇవ్వాలనుకునేవాళ్లు పాత మ్యాచ్‌లు తీసి, ఇంత తేడా ఉన్న జట్ల మధ్య ఎన్ని డ్రా అయ్యాయో చూసి, దాన్ని విడిగా కలుపుకోవాలి. టీవీలో, పత్రికల్లో కనిపించే శాతాల వెనుక ఎలో ఉంటే ఉండవచ్చు, కానీ దానిపై ఇలాంటి ఇంకో అంతస్తు తప్పకుండా ఉంటుంది.

ఇంకా కొన్ని విషయాలు ఫిఫా లెక్కలోకి రావు. సొంతగడ్డ మీద ఆడుతున్నారా, పరాయి దేశంలోనా అన్నది దానికి పట్టదు. 1–0 గెలుపైనా 7–0 గెలుపైనా ఒకటే. ఫిఫాతో సంబంధం లేకుండా బాబ్ రన్యాన్ 1997లో మొదలుపెట్టిన ప్రపంచ ఫుట్‌బాల్ ఎలో రేటింగులు ఈ రెండింటినీ లెక్కిస్తాయి. సొంతగడ్డ జట్టు రేటింగుకు మ్యాచ్ లెక్కకోసం 100 పాయింట్లు కలుపుతారు. చదరంగంలో లాగా అక్కడ 600 బదులు 400తో భాగిస్తారు కాబట్టి, సమాన జట్ల మధ్య ఆ వంద వల్ల ఆశించే ఫలితం 0.5 నుంచి 0.64కు పెరుగుతుంది. రెండు గోల్స్ తేడాతో గెలిస్తే మార్పును ఒకటిన్నర రెట్లు చేస్తారు, మూడైతే 1.75 రెట్లు. ఆటను ఊహించడానికి ఇవి పనికొస్తాయి. కానీ అధికారిక ర్యాంకులో గోల్ తేడా పెడితే, ఇప్పటికే ఓడిపోతున్న చిన్న జట్టు మీద చివరి నిమిషం దాకా గోల్స్ కొట్టుకుంటూ పోవడానికి ఆశ చూపినట్టవుతుంది. ఊహించడానికి మంచి రేటింగ్, పోటీ నడపడానికి మంచి రేటింగ్ రెండూ ఒకటే కానక్కరలేదు.

600, 400 అన్న భాజకం గురించి ఒక మాట. అర్జెంటీనా–సౌదీ మధ్య ఉన్న 336 తేడాను 600తో లెక్కిస్తే 0.784, 400తో అయితే 0.874. చూడ్డానికి పెద్ద తేడా. కానీ భాజకం కొలబద్ద మీద గీతల మధ్య దూరం లాంటిదే. 600 వాడేచోట కాలక్రమంలో జట్ల మధ్య పాయింట్ల తేడాలే సాగి సర్దుకుంటాయి. ఇంకా సర్దుకోలేదన్న అనుమానం వస్తే తేల్చుకునే మార్గం ఒకటే. ఆశించే ఫలితం 0.75 చుట్టూ ఉన్న మ్యాచ్‌లన్నీ ఒకచోట చేర్చాలి. వాటిలో పై జట్టుకు నిజంగా వచ్చిన సగటు చూడాలి. 0.75 దగ్గర ఉంటే రేటింగ్ నిజం చెబుతున్నట్టు. 0.85 వస్తే బలవంతుల్ని తక్కువ అంచనా వేస్తున్నట్టు. 0.65 వస్తే ఎక్కువ అంచనా వేస్తున్నట్టు. ఇలాగే 0.55కు, 0.65కు, 0.85కు చేయాలి. సౌదీ గెలుపు లాంటి ఒక్క ఫలితం పట్టుకుని ఎలో విఫలమైందనడం న్యాయం కాదు. నూటికి 78 అన్నప్పుడు మిగతా 22 ఎప్పుడో ఒకప్పుడు రావాలి. రాకుండా ఉంటేనే రేటింగ్‌ను అనుమానించాలి.

మార్పు ఎంత వేగంగా ఉండాలన్నది ఇంకో పేచీ. చదరంగంలో రేటింగ్ 2400 ఒకసారి దాటినవాళ్లకు గుణకం 10. అర్జున్ ఇరిగేశి 2801తో ఉండి 2600 ఆటగాడితో డ్రా చేసుకుంటే 2.6 పాయింట్లు పోతాయి, గెలిస్తే 2.4 వస్తాయి. అంటే పై స్థాయిలో ఉన్నవాడు కిందివాళ్లతో ఓపెన్ టోర్నీలు ఆడడమంటే ప్రతి డ్రాకూ మూల్యం కట్టడమే. ఏడాదికి డజన్లకొద్దీ ఆటలు ఆడేవాడికి గుణకం చిన్నదైనా సరిపోతుంది, చుక్కచుక్కగా అసలు బలం బయటపడుతుంది. జాతీయ ఫుట్‌బాల్ జట్టుకు ఏడాదికి పది పన్నెండు మ్యాచ్‌లే. గుణకం చిన్నదైతే మెస్సీ రిటైరైన రెండేళ్లకు గాని రేటింగుకు ఆ సంగతి తెలియదు. పెద్దదైతే ఒక్క సౌదీ మ్యాచ్‌తో గందరగోళం. ఫిఫా ఈ సమస్యను మ్యాచ్ ప్రాధాన్యంతో ముడిపెట్టింది, ఫ్రెండ్లీకి 10, ప్రపంచ కప్పుకు 60 వరకు. ఏది ఎంచుకున్నా, గాయాలు, కోచ్ మార్పు, జట్టులో ఎవరు దిగుతున్నారు అన్నవి ఎలోకు కనిపించవు. కామెరూన్ మీద ఆడింది బ్రెజిల్ రెండో వరుస ఆటగాళ్లని దానికి తెలియదు, ‘బ్రెజిల్ ఓడింది’ అన్నదే తెలుసు.

అన్నిటికంటే మొండి సమస్య ఖండాలది. పాయింట్లు ఒక జట్టు నుంచి ఇంకో జట్టుకు మ్యాచ్ ద్వారానే కదులుతాయి. ఐరోపా జట్లు ఏడాదంతా తమలో తాము ఆడుకుంటే వాటిలో వాటికి ఎవరు బలమో చక్కగా తేలుతుంది. కానీ ఐరోపా మొత్తం దక్షిణ అమెరికా కంటే ఎంత బలమో తేలాలంటే రెండు ఖండాలూ తలపడాలి. 2018లో ఐరోపా నేషన్స్ లీగ్ మొదలయ్యాక అక్కడి జట్లకు బయటివాళ్లతో ఫ్రెండ్లీలు ఆడే తీరిక తగ్గిపోయింది. నాలుగేళ్లకోసారి వచ్చే ప్రపంచ కప్పే ఖండాల లెక్కలు సరిచూసే ప్రధాన సందర్భమైంది. అందుకే వేర్వేరు ఖండాల జట్ల ర్యాంకుల్ని పోల్చేటప్పుడు, ఒకే ఖండంలోని జట్ల ర్యాంకుల్ని పోల్చినంత ధీమా అక్కర్లేదు.

క్రికెట్ అభిమానులకు అనుమానం రావచ్చు, ఐసీసీ జట్ల ర్యాంకులు కూడా ఇదేనా అని. కాదు. ప్రత్యర్థి రేటింగును బట్టి మ్యాచ్‌కు పాయింట్లు ఇవ్వడం వరకు పోలిక ఉంది. డేవిడ్ కెండిక్స్ రూపొందించిన ఆ లెక్కలో చివరికి వాటి సగటు తీస్తారు, పాత మ్యాచ్‌లకు విలువ తగ్గిస్తూ పోతారు. పాత మ్యాచ్‌లు లెక్కలోంచి తొలగినప్పుడు, ఆ రోజు ఎవరూ ఆడకుండానే ర్యాంకులు మారుతుంటాయి. శుద్ధమైన ఎలోలో అది జరగదు. ఆడితేనే కదులుతుంది.

మళ్లీ ఆ డిసెంబరు జాబితాకు వద్దాం. బ్రెజిల్‌కూ అర్జెంటీనాకూ తేడా 2.39 పాయింట్లు. దాన్ని సూత్రంలో వేసి చూడండి. ఆ రెండు జట్లూ తలపడితే బ్రెజిల్ ఆశించే ఫలితం 0.502. వెయ్యికి 502. ప్రపంచమంతా వాదులాడుకున్న మొదటి ర్యాంకు వెనుక ఉన్న అసలు తేడా అంతే. ర్యాంకుల పట్టికలో ఒకటికీ రెండుకీ మధ్య ఉన్న గీత, యాభైకీ యాభై ఒకటికీ మధ్య ఉన్న గీత ఒకేలా కనిపిస్తాయి. ఈసారి ఏ ఆట పట్టిక చూసినా ర్యాంకు పక్కనే ఉండే పాయింట్ల వరుస చూడండి, అవతలి జట్టుతో తేడా తీయండి, ఫుట్‌బాల్ అయితే పైనున్న రెండు వరుసల్లో వేయండి. ఫోన్‌లోని కాలిక్యులేటర్ చాలు.

అర్జెంటీనా చివరికి మొదటి ర్యాంకుకు 2023 ఏప్రిల్‌లో చేరింది. మార్చిలో పనామా, కురసావో అనే చిన్న జట్లతో రెండు ఫ్రెండ్లీలు గెలిస్తే వచ్చినవి రెండు పాయింట్ల చిల్లర. అదే నెలలో బ్రెజిల్ ఒక ఫ్రెండ్లీలో మొరాకో చేతిలో ఓడి ఆరున్నర పాయింట్లు పోగొట్టుకుని మూడో స్థానానికి జారింది. ప్రపంచ కప్పు ఇవ్వలేని మొదటి ర్యాంకును రెండు ఫ్రెండ్లీలు, ప్రత్యర్థి ఓటమి ఒకటి కలిసి ఇచ్చాయి.